అప్పు తేదీ, ఆత్మహత్యల తేదీ: సర్దుబాటు వ్యాసం రాసే ముందు ఒక లెక్క

2022లో శ్రీలంక అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. 2023 మార్చిలో ఐఎంఎఫ్ నుంచి సుమారు 300 కోట్ల డాలర్ల ప్యాకేజీ దొరికింది. దానికి ముందే అక్కడ కరెంటు ఛార్జీలు రెండుసార్లు పెంచారు. 2022 ఆగస్టులో 75 శాతం, 2023 ఫిబ్రవరిలో 66 శాతం. డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ పేపర్‌లో ‘వ్యవస్థాగత సర్దుబాటు కార్యక్రమాలు, వాటి సామాజిక వ్యయం’ అని ప్రశ్న వస్తే చాలామంది ఈ శ్రీలంకనో, ఆఫ్రికా దేశాలనో రాసి వదిలేస్తారు. మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు కూడా ఇలాంటి కార్యక్రమాన్ని చూశాయి. దాన్ని సరిగ్గా విడదీసి రాస్తే వ్యాసానికి బలం వస్తుంది.

సర్దుబాటు అంటే సూటిగా ఇది: అప్పు ఇచ్చేవాడు డబ్బుతో పాటు షరతులు కూడా పెడతాడు. సబ్సిడీలు తగ్గించు, ఛార్జీలు పెంచు, ప్రభుత్వ సంస్థలను విడగొట్టు లేదా అమ్ము, ఉద్యోగాలు తగ్గించు. 1991లో విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోయే స్థితికి వచ్చినప్పుడు దేశం మొత్తానికి ఇది జరిగింది. రాష్ట్ర స్థాయిలో మనకు అసలు కథ 1998 జూన్‌లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టుకు ప్రపంచ బ్యాంకు అప్పుడు సుమారు 54 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. విద్యుత్ సంస్కరణలకు 1999లో మరో 21 కోట్ల డాలర్ల అప్పు వచ్చింది.

ఇక్కడే చాలా వ్యాసాలు తప్పటడుగు వేస్తాయి. ‘ప్రపంచ బ్యాంకు షరతుల వల్ల పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. తేదీలు చూడండి. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చింది 1997-98 సీజన్‌లో. పొగాకు లద్దెపురుగు, కాలం కాని కాలంలో వానలు కలిసి పంటను ముంచేశాయి. ఆ రాష్ట్ర అప్పుకు సంతకాలు అయింది ఆ తర్వాత. రెండు రూపాయల కిలో బియ్యాన్ని మూడున్నర చేసిందీ, కరెంటు రేట్లు పెంచిందీ 1996లోనే. అది కూడా అప్పుకు ముందే. కాబట్టి ఆ వాక్యాన్ని అలాగే రాస్తే ఎగ్జామినర్ ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు: కారణం ఫలితం తర్వాత ఎలా వస్తుంది?

అలాగని సర్దుబాటుకు సంబంధం లేదనడం కూడా తప్పే. 1991 తర్వాత బ్యాంకింగ్ సంస్కరణల్లో గ్రామీణ శాఖల విస్తరణ, వ్యవసాయ రుణాల మీద పట్టు సడలాయి. బ్యాంకు దూరమైన చోట విత్తనాలు, పురుగుమందులు అమ్మే డీలరే అప్పు ఇచ్చేవాడయ్యాడు. ఏ మందు ఎంత కొట్టాలో చెప్పేవాడూ ఆయనే, పంట అయ్యాక పత్తి కొనేవాడూ చాలా చోట్ల ఆయనే. అలాంటి ఏర్పాటులో ఒక్క పంట పోతే రైతుకు ఇంకో దారి ఉండదు. అంటే కారణం 1998 అప్పు కాదు, 1991 నుంచి నడిచిన దేశవ్యాప్త మార్పు. అది కూడా చీడ, వాతావరణంతో కలిసి పని చేసింది. వ్యాసంలో ఈ రెండు మెట్లను వేరు చేసి రాయాలి.

మరి 1998 అప్పుకే నేరుగా కట్టగలిగే మార్పు ఏది? కరెంటు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడగొట్టారు. 2000లో పంపిణీ కంపెనీలు వచ్చాయి. మన రెండు జిల్లాలు వరంగల్ కేంద్రంగా ఉన్న ఎన్‌పీడీసీఎల్ కిందికి చేరాయి. ధరలు నిర్ణయించే పని నియంత్రణ మండలికి వెళ్లింది. 2000 మేలో మండలి ఇచ్చిన మొదటి ఛార్జీల ఉత్తర్వుపై రాష్ట్రమంతా ఆందోళనలు లేచాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

ఇప్పుడు లెక్క. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. అయిదు హెచ్‌పీ మోటారు 3.73 కిలోవాట్లు. రోజుకు 9 గంటల చొప్పున ఏడాదికి 150 రోజులు నడిస్తే, మోటారులో జరిగే నష్టాలు పక్కన పెట్టినా సుమారు 5,000 యూనిట్లు. లెక్క కోసం యూనిట్ సరఫరా ఖర్చు 2 రూపాయలు అనుకుందాం. మొత్తం 10,000 రూపాయలు. రైతు హెచ్‌పీకి ఏడాదికి 400 చొప్పున కట్టేది 2,000. మిగతా 8,000 ప్రభుత్వ సబ్సిడీ లేదా కంపెనీ నష్టం. బ్యాంకు వాదన ఈ 8,000 మీదే నిలబడింది. అది గాలి వాదన కాదు. పది హెచ్‌పీ మోటారు ఉన్న పెద్ద రైతుకు ఇంతకు రెట్టింపు సబ్సిడీ వెళ్తుంది. మోటారే లేని కూలీకి పైసా కూడా నేరుగా రాదు.

కానీ రైతు వైపు లెక్కలో బిల్లు ఒక్కటే ఉండదు. రాత్రి పూట వచ్చే కరెంటు, లో ఓల్టేజీకి కాలిపోయే మోటారు, దాన్ని మళ్లీ చుట్టించే ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ మార్చే దాకా ఎండే మడి. ఇవన్నీ ఆయనే భరిస్తాడు. ఛార్జీ ముందు పెరిగి సరఫరా తర్వాత బాగుపడితే, మధ్యలో ఉన్న ఏళ్ల నష్టమే ఇక్కడ సామాజిక వ్యయం.

ఆ నష్టం అందరికీ ఒకేలా ఉండదు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు అందే రైతుకు కరెంటు రేటు అంత పెద్ద విషయం కాదు. సిరిసిల్ల, వేములవాడ వైపు బావులు, బోర్ల మీద బతికే రైతుకు అదే ప్రాణం. సిరిసిల్ల మరమగ్గాల వాళ్లకు కరెంటు నేరుగా ఉత్పత్తి ఖర్చు. ఆదిలాబాద్‌లో వర్షాధార పత్తి వేసే రైతుకు బోరే లేనప్పుడు పంపుసెట్ రేటు తాకదు. ఆయన్ని దెబ్బ తీసేది డీలర్ అప్పు, పత్తి ధర, రేషన్ బియ్యం రేటు. కాబట్టి ‘పేదలు నష్టపోయారు’ అని కాకుండా ఏ పేదలు, ఏ దారిలో అని రాయండి.

ఆ తర్వాత ఏమైంది? 2004 మేలో కొత్త ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలు అయింది. అంటే జనం ఓటుతో ధర వెనక్కి వెళ్లింది. జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కం, నియంత్రణ మండలి మాత్రం అలాగే ఉండిపోయాయి. సర్దుబాటులో కళ్లకు కనిపించే భాగాన్ని ప్రజాస్వామ్యం తిప్పికొట్టగలిగింది, నిర్మాణంలోని భాగాన్ని ముట్టుకోలేదు. ఆ 8,000 రూపాయల ఖాళీ కూడా ఎక్కడికీ పోలేదు. ఇప్పుడది ప్రభుత్వ బడ్జెట్‌లో సబ్సిడీగా, డిస్కంల ఖాతాల్లో బకాయిలుగా కనిపిస్తుంది.

ఏ దేశం గురించి రాసినా మూడు ప్రశ్నలు ఇవే. నష్టం అప్పుకు ముందు మొదలైందా, తర్వాతా? ఏ వర్గానికి ఏ దారిలో చేరింది? అప్పు తీసుకోకపోతే ఆ ఖర్చు ఎవరి మీద పడేది? మూడోదానికి కచ్చితమైన జవాబు దొరకదు, ఎందుకంటే అప్పు తీసుకోని ఆంధ్రప్రదేశ్‌ను మనం చూడలేదు. అందుకే ముగింపులో ‘సర్దుబాటే కారణం’ అనే బదులు ‘ఈ మార్పు వరకు సర్దుబాటుది, ఇక్కడి నుంచి చీడది, వానది, డీలర్‌ది’ అని గీత గీయండి.