లెక్కల్లో ఆకుపచ్చ, ఇంట్లో ఖాళీ బిందె

గ్రామాల్లో ఇంటింటికీ కుళాయి ఇస్తామన్న జల్ జీవన్ మిషన్ 2024 నాటికి పూర్తి కావాల్సింది. కాలేదు. 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గడువును 2028 దాకా పొడిగించారు. 2019 ఆగస్టు 15న పథకం ప్రకటించేనాటికి సుమారు 17 శాతం గ్రామీణ ఇళ్లకే కుళాయి ఉండేది. 2025 నాటికి అది 80 శాతానికి చేరిందని కేంద్రం చెప్పింది. చర్చంతా మిగిలిన 20 శాతం చుట్టూ నడుస్తోంది. కానీ 'అయిపోయింది' అని లెక్కేసిన 80 శాతం ఇళ్లలో నీళ్లు ఎలా వస్తున్నాయన్నదే అసలు ప్రశ్న. ఇప్పటి డాష్‌బోర్డు దీనికి జవాబు చెప్పలేదు. ఎందుకంటే అది లెక్కపెడుతున్నది కుళాయిలను, నీళ్లను కాదు.

మిషన్ నిర్వచనంలో లోపం లేదు. పనిచేసే కుళాయి అంటే మనిషికి రోజుకు 55 లీటర్లు, బీఐఎస్ 10500 ప్రమాణాలకు తగిన నాణ్యత, క్రమం తప్పని సరఫరా. మూడూ ఉండాలి. అయితే బిగించిన కుళాయిని లెక్కపెట్టడం తేలిక, ఈ మూడింటినీ కొలవడం కష్టం. అందుకే పైకి వెళ్లే నివేదికలో తేలికైన అంకె మిగిలింది. కేంద్రమే చేయించిన 2022 సర్వేలో 86 శాతం ఇళ్లలో కుళాయి పనిచేస్తోందని తేలింది. మూడు షరతులూ నెరవేరిన ఇళ్లు మాత్రం 62 శాతమే.

ఈ తేడాలో వింతేమీ లేదు. పరిమాణంలో 90 శాతం, నాణ్యతలో 90 శాతం, క్రమంలో 90 శాతం అని మూడు అంకెలు విడివిడిగా చూస్తే జిల్లా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఒక్కో షరతులో తప్పిన పది శాతం ఇళ్లు వేర్వేరువైతే, మూడూ సరిగ్గా అందే ఇళ్లు 70 శాతమే. మూడు గళ్లు ఆకుపచ్చగా ఉన్నా పదింట మూడిళ్లకు ఏదో ఒక లోటు ఉంటుంది.

కలెక్టర్‌కు కావాల్సింది ఐదు అంకెలే

జిల్లా సమీక్షకు నలభై పేజీల నివేదిక అక్కర్లేదు. ఒక్క పేజీ చాలు. నిబంధనల ప్రకారం నీళ్లందిన గ్రామాల శాతం. సరఫరా జరగాల్సిన రోజుల్లో జరిగిన రోజుల శాతం. ఇంటి కుళాయి దగ్గర తీసిన నమూనాల్లో పరీక్ష నెగ్గినవి. 48 గంటల్లో మరమ్మతు పూర్తయిన ఫిర్యాదుల శాతం. చివరిది, పంపు కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం బకాయి లేని గ్రామాల శాతం. మొదటి నాలుగూ ఈ నెల సంగతి చెబుతాయి. ఐదోది వచ్చే నెలల సంగతి ముందే చెబుతుంది. కరెంటు బిల్లు పేరుకుంటే పంపు ఆగే రోజు ఎంతో దూరంలో ఉండదు.

ప్రతి అంకెకూ నిర్వచనం అదే పేజీ వెనక రాసి ఉండాలి. ఎక్కడ కొలవాలి, ఎవరు కొలవాలి, దేనితో భాగించాలి అనే మూడూ తేలాలి. మొదటి సూచికనే తీసుకుందాం. ట్యాంకు నుంచి వెళ్లిన నీటిని జనాభాతో భాగిస్తే సగటు 55 దాటవచ్చు. అయినా పైపు చివరి వీధికి నీళ్లు చేరకపోవచ్చు. కాబట్టి చివరి ఇంట్లోనే కొలవాలి. దీనికి మీటరు కూడా అవసరం లేదు. 20 లీటర్ల బకెట్ నిండటానికి ఐదు నిమిషాలు పడితే, నిమిషానికి నాలుగు లీటర్లు. సరఫరా 40 నిమిషాలైతే 160 లీటర్లు. ఇంట్లో ఐదుగురుంటే మనిషికి 32 లీటర్లు. ఆ గ్రామం నెగ్గనట్టే.

హారం మారితే రంగు మారుతుంది

ఒక ఊహాజిల్లా లెక్క చూద్దాం. 80 శాతం, ఆపైన ఆకుపచ్చ. 70 నుంచి 80 లోపు పసుపు. 70 లోపు ఎరుపు. నెలకు 60 గ్రామాలను లాటరీ తీసి ఎంపిక చేశారు. ఆరు గ్రామాలకు సర్వే సిబ్బంది వెళ్లలేకపోయారు. వెళ్లిన 54 గ్రామాల్లో ఐదింటిలో సరఫరా రోజే అయినా నీళ్లు రాలేదు. మిగిలిన 49లో 41 గ్రామాల్లో చివరి ఇంటికి 55 లీటర్లు అందాయి.

నీళ్లు వచ్చిన గ్రామాలతో భాగిస్తే 41కి 49, అంటే 84 శాతం. ఆకుపచ్చ. వెళ్లిన గ్రామాలతో భాగిస్తే 41కి 54, అంటే 76 శాతం. పసుపు. ఎంపికైన అన్నిటితో భాగిస్తే 41కి 60, అంటే 68 శాతం. ఎరుపు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకే సర్వే మూడు రంగులిచ్చింది. హారమేమిటో ముందే రాసి పెట్టకపోతే, అధికారి తనకు నప్పిన రంగును ఎంచుకుంటాడు.

ఇక్కడ సరైనది రెండో లెక్క. నీళ్లు రాని గ్రామం నెగ్గనట్టే లెక్క, దాన్ని హారంలోంచి తీసేయకూడదు. వెళ్లని గ్రామాల సంఖ్య పక్కనే కనిపించాలి. అవి పది శాతం మించితే ఆ గడికి బూడిద రంగు వేయాలి. ఈ జిల్లా సరిగ్గా ఆ అంచున ఉంది. సమాచారం లేదంటే సమస్య లేదని కాదు. రంగుల పట్టికల్లో తరచూ జరిగే తప్పు ఖాళీ గడిని ఆకుపచ్చగా వదిలేయడమే.

అన్ని సూచికలకూ పసుపు పనికిరాదు. బాక్టీరియా ఉన్న నీళ్లకు 'ఫర్వాలేదు' అనే స్థాయి ఉండదు. వంద మిల్లీలీటర్లలో ఈ-కొలి కనిపిస్తే ఎరుపే. జిల్లా శాతం ఎంత బాగున్నా ఆ గ్రామం పేరు సమీక్ష పేజీ మీద కనబడాలి. నమూనా కూడా ట్యాంకు దగ్గర కాక ఇంటి దగ్గర తీయాలి. దారిలో పైపు పగిలి మురుగు కలిస్తే ట్యాంకు పరీక్షలో అది తెలియదు. కుళాయి నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కూడా మిగల్లేదంటే, దారిలో ఏదో జరిగిందని, లేదా అసలు క్లోరిన్ కలపలేదని అర్థం. నల్లగొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో దానికి విడిగా గడి ఉండాలి. క్లోరిన్ సరిగ్గా ఉన్నంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

పట్టిక మేడిపండు కాకుండా

రంగులు సమీక్షకు వస్తే వాటిని బాగా కనిపించేలా చేయాలన్న ఒత్తిడి కూడా వస్తుంది. సర్వే గ్రామాల జాబితా ముందే తెలిస్తే ఆ వారం అక్కడ ట్యాంకర్లు తిరుగుతాయి. ఫిర్యాదుదారును అడగకుండానే 'పరిష్కరించాం' అని ముగిస్తారు. ఎరుపు రాగానే లక్ష్యాన్ని 80 నుంచి 70కి దించుతారు. దీన్ని కనిపెట్టవచ్చు. 48 గంటల మరమ్మతు శాతం పెరుగుతూ ఉండగా అదే కుళాయిపై మళ్లీ ఫిర్యాదులూ పెరిగితే మరమ్మతు కాగితం మీదే జరిగింది. మేలో, అక్టోబరులో ఒకే శాతం వస్తే బావుల నీటి మీద ఆధారపడిన జిల్లాలో అది నమ్మదగింది కాదు.

అందుకే మూడు నియమాలు కావాలి. కొలిచేది సరఫరా చేసే శాఖ కాకూడదు. లక్ష్యాలు ఏప్రిల్‌లో ఖరారైతే మార్చి దాకా మారకూడదు. ఈ నెలను గత నెలతో కాక నిరుడు ఇదే నెలతో పోల్చాలి.

ఇంత చేసినా ఎరుపు ఎక్కడుందో మాత్రమే పట్టిక చెబుతుంది. బోరు ఎండిందా, మోటారు కాలిందా, పై వీధిలో ఎవరైనా పైపుకు మోటారు బిగించి లాగుతున్నారా అన్నది గ్రామానికి వెళ్లి చూడాల్సిందే. ఏ గ్రామానికి ముందు వెళ్లాలో సరిగ్గా చెబితే పట్టిక పని అయినట్టే. 2028కి కుళాయిల సంఖ్య నూటికి నూరవ్వచ్చు. దానితోపాటు చివరి ఇంటి బకెట్ లెక్క కూడా డాష్‌బోర్డు మీదికి ఎక్కకపోతే, ఈ పొడిగింపుతో మనకు దక్కేది మరిన్ని కుళాయిలే.