మార్కులు తగ్గితే కోచింగ్ మార్చాలా?

నీట్ లాంగ్ టర్మ్ చదువుతున్న పిల్లలున్న ఇళ్లలో ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ఒకే చర్చ మొదలవుతుంది. వరసగా రెండు గ్రాండ్ టెస్టుల్లో మార్కులు పడిపోతాయి. ‘అక్కడ సరిగ్గా చెప్పడం లేదు, ఇంకా ఆలస్యం చేస్తే ఏడాది పోతుంది, మార్చేయండి’ అని బంధువులు చెబుతారు. అమ్మానాన్నలకూ అది బాధ్యతగానే కనిపిస్తుంది. వారం తిరిగేలోపు పెట్టె సర్దుకుని పిల్లవాడు ఇంకో క్యాంపస్‌లో ఉంటాడు. లేదా కొత్త మెటీరియల్ కట్టలు హాస్టల్ గదికి చేరతాయి.

ఇది బాధ్యత కాదు, తొందరపాటు. మొత్తం మార్కులు తప్పు ఎక్కడుందో చెప్పవు. అవి చెప్పని విషయాన్ని వాటి నోట పలికించి, ఏడాది భవిష్యత్తును దాని మీద నిలబెడుతున్నాం.

అసలు రెండు పేపర్ల మార్కులను పక్కపక్కన పెట్టడమే పొరపాటు. 2024 నీట్ తొలి ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. సవరించాక కూడా 17 మంది మిగిలారు. 2025లో దేశం మొత్తం మీద అత్యధిక మార్కు 686. ఏడాదిలో దేశంలోని పిల్లల తెలివి తగ్గిపోలేదు, పేపరు కష్టంగా వచ్చింది, ముఖ్యంగా ఫిజిక్స్. అసలు పరీక్షలోనే ఇంత తేడా ఉంటే, కోచింగ్ సెంటర్ తయారుచేసే గ్రాండ్ టెస్టుల్లో ఇంకెంత ఉంటుంది? అబ్బాయి మార్కు నలభై తగ్గిన రోజున బ్యాచ్ సగటు కూడా నలభై తగ్గి ఉంటే అతను వెనకబడినట్టు కాదు. ఆ సగటు ఎంతో అడిగే తల్లిదండ్రులు చాలా తక్కువ.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక విద్యార్థికి ఆగస్టు గ్రాండ్ టెస్టులో 412 వచ్చాయనుకుందాం. బయాలజీలో 262, కెమిస్ట్రీలో 92, ఫిజిక్స్‌లో 58. ‘ఫిజిక్స్ సారు బాగా చెప్పడు’ అని ఇంట్లో తీర్పు వెంటనే వచ్చేస్తుంది. నలభై అయిదు ఫిజిక్స్ ప్రశ్నల్లో అతను పద్దెనిమిది సరిగ్గా చేశాడు, పద్నాలుగు తప్పు చేశాడు, పదమూడు వదిలేశాడు. అంటే మార్కులు పోయినవి ఇరవై ఏడు ప్రశ్నల్లో. తీర్పు చెప్పాల్సింది ఆ ఇరవై ఏడు ప్రశ్నలే కానీ 58 అనే అంకె కాదు.

వాటిని పరీక్షించే పద్ధతి తేలికైనది. టెస్టు అయిన రెండు మూడు రోజుల తర్వాత, కీ చూడకుండా, పుస్తకాలూ నోట్సూ ముందు పెట్టుకుని, గడియారం పక్కన పెట్టేసి ఆ ఇరవై ఏడూ మళ్లీ చేయాలి. ఇంకా క్లాసులో చెప్పని పాఠాలవి అయిదు ఉన్నాయనుకుందాం. వాటికి దిగులు అక్కర్లేదు. కూడికలో, ప్రమాణాల్లో, ప్రశ్న చదవడంలో పొరపాటు జరిగినవి అయిదు. పుస్తకం తెరిచి, సూత్రం చూసుకుని, తీరిగ్గా చేస్తే వచ్చేసినవి పదకొండు. పుస్తకంలో వివరణ రెండుసార్లు చదివినా, నోట్సు చూసినా అర్థం కానివి ఆరు.

ఇప్పుడు చెప్పండి, కోచింగ్ మారిస్తే వీటిలో ఎన్ని బాగుపడతాయి? చివరి ఆరు మాత్రమే. పొరపాట్లు అయిదు, సాధన లేక పోయిన పదకొండు, మొత్తం పదహారు ప్రశ్నలు అతని వెంటే కొత్త క్యాంపస్‌కు వెళతాయి. అవి సరిచేసుకుంటే తక్కువలో తక్కువ అరవై నాలుగు మార్కులు కలుస్తాయి, ఉన్న పుస్తకంతోనే. ఆ ఆరు ప్రశ్నలూ భ్రమణ చలనం, విద్యుదయస్కాంత ప్రేరణ లాంటి రెండు పాఠాల్లోంచే వచ్చి ఉంటే, కావలసింది ఆ రెండు పాఠాలకు ఇంకో పుస్తకమో, ఇంకో అధ్యాపకుడి దగ్గర నాలుగు గంటలో. క్యాంపస్ మార్పు అక్కర్లేదు.

మార్పుకు అయ్యే ఖర్చు ఫీజు ఒక్కటే అయితే ఇంత గట్టిగా రాయనక్కర్లేదు. ఒక్కో సంస్థ పాఠాలను ఒక్కో వరసలో చెబుతుంది. ఒకచోట యాంత్రిక శాస్త్రంతో మొదలుపెడితే, ఇంకోచోట విద్యుత్తును ముందుకు తెస్తారు. సెప్టెంబరులో మారినవాడు కొన్ని పాఠాలు రెండోసారి వింటాడు, కొన్ని అసలు వినడు. ఈ లోటు పూర్తి సిలబస్ టెస్టులు మొదలైనప్పుడు బయటపడుతుంది. అప్పటికి దిద్దుకునే వ్యవధి ఉండదు.

అలాగని ‘ఒకసారి చేరాక కదలకూడదు’ అనే మాటనూ నేను సమర్థించను. మార్చాల్సిన సందర్భాలు ఉన్నాయి. పాత ముద్రణ పుస్తకంలో, నీట్ 2024కు ముందు తొలగించిన పాఠాలు ఇంకా ఉంటే ఆ పుస్తకం మార్చాల్సిందే. 2025 నుంచి ఐచ్ఛిక ప్రశ్నలు లేకుండా 180 ప్రశ్నలకు 180 నిమిషాలే ఇస్తున్నారు కాబట్టి, 200 ప్రశ్నల పాత నమూనాలో సాధన చేయించే టెస్టు సిరీస్ వదలాలి. సబ్జెక్టు అధ్యాపకుడు వెళ్లిపోయి వారాల తరబడి ఎవరూ రాకపోయినా, పిల్లవాడి ఆరోగ్యం, మనసు దెబ్బతింటున్నా ఏ తేదీ కోసమూ ఆగకూడదు. టెస్టు పేపరు, ఓఎంఆర్ నకలు ఇవ్వకుండా ఫోనుకు మార్కు మాత్రమే పంపి, అడిగినా చూపించని సంస్థ కూడా వదిలేయదగ్గదే. తప్పు ఎక్కడుందో చూసుకోనివ్వని చోట దిద్దుకోవడం కుదరదు.

మిగతా అన్ని సందర్భాల్లో నిర్ణయానికి తేదీలుండాలి. జూన్‌లో చేరినవారికి ఆగస్టు చివర, అక్టోబరు చివర, డిసెంబరు చివర అని మూడు చాలు. ప్రతిసారీ ఒక్క టెస్టు కాకుండా చివరి మూడు గ్రాండ్ టెస్టుల తప్పులను పైన చెప్పినట్టు విడదీయాలి. బ్యాచ్ సగటు పక్కన పెట్టుకోవాలి. ఆగస్టులో అర్థం కాని ప్రశ్నలు మొత్తం తప్పుల్లో మూడో వంతు దాటితే ఆ పాఠాలకు పుస్తకం మార్చండి, విడిగా చెప్పించండి. రెండు నెలలు అలా చేశాక అక్టోబరులోనూ ఆ వాటా తగ్గకపోతే, పైగా అది పాఠాలన్నింటిలో కనిపిస్తే, కోచింగ్ మార్చండి. డిసెంబరు సమీక్ష తర్వాత దేన్నీ మార్చకండి, జనవరి నుంచి ఉన్న నోట్సు మీద పునశ్చరణ, పూర్తి టెస్టులే.

‘రెండు నెలలు ఆగితే ఆ రెండు నెలలూ పోవా?’ అని అడుగుతారు. ఆగి కూర్చోమనడం లేదు, ఆ రెండు నెలలూ తప్పులను దిద్దే పని జరుగుతుంది. వారం వారం మార్కు చూసి తీర్పు మార్చే ఇంట్లోనే, ఏ ప్రయత్నానికీ ఫలితం కనిపించేంత గడువు దొరకదు.

ఫీజు పోతుందన్న భయంతో ఉండిపోవడమూ తప్పే. మధ్యలో మానేసినవారికి మిగిలిన కాలానికి తగ్గ ఫీజు, హాస్టల్ రుసుముతో సహా, పది రోజుల్లో వెనక్కివ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాలు చెబుతున్నాయి. చేర్చేముందే ఆ సంగతి సంస్థతో రాతపూర్వకంగా తేల్చుకోండి. అదే రోజు మూడు సమీక్ష తేదీలూ, మార్చడానికి మీరు పెట్టుకున్న షరతులూ కాగితం మీద రాసి, పిల్లవాడి చేత కూడా సంతకం చేయించండి. మార్కులు పడిపోయిన రాత్రి ఎవరు ఏ సలహా ఇచ్చినా, ఆ కాగితంలో రాసిన షరతు నెరవేరిందా లేదా అన్నదొక్కటే చూడండి.