ఫోటోల ఖాళీ హాలు, చేతిల పన్నెండు వేలు

మా గల్లీల బీడీలు చుట్టే ఒక చెల్లె పోయిన నెల ఫోన్ పట్టుకొని వచ్చింది. బిడ్డ పెండ్లికి మాట్లాడిన హాలు ఫోటో అది. ఖాళీ స్టేజీ, వెనక సున్నం పెచ్చులూడిన గోడ. "అన్నా, డెకరేషన్ అతను ముప్పై అయిదు వేలు అంటున్నడు. నా దగ్గర పన్నెండు ఉన్నయ్. మిగతాది బచత్ గట్టుల తీయాల్నా?" అని అడిగింది. తీయొద్దని చెప్పిన. ముందుగాల ఫోటో చూద్దామన్న.

ఫోటోల హాలు ఉన్నదానికంటె పెద్దగ కనపడుతది. దగ్గర ఉన్న కుర్చీ పెద్దగ, దూరం గోడ చిన్నగ వస్తది. అందుకని కుర్చీలతోటి కొలవొద్దు. ఏ గోడ కొలవాల్నో ఆ గోడకే ఉన్న వస్తువుతోటి కొలవాలె. ఈ స్టేజీ వెనక గోడకు ఒక తలుపు ఉంది. తలుపు సాధారణంగ ఏడు అడుగుల ఎత్తు, మూడు అడుగుల వెడల్పు. కాగితం ముక్క చింపి ఫోన్ మీదనే పెట్టి చూస్తే గోడ వెడల్పు ఆరు తలుపులు, ఎత్తు తలుపున్నర. అంటే 18 అడుగులు, పదిన్నర అడుగులు. తర్వాత టేపు తీస్కపోయి కొలిస్తే అర అడుగే తేడా వచ్చింది.

స్టేజీ లోతు మాత్రం ఫోటోల తెలియదు. అది పోయి చూసినంక 12 అడుగులని తేలింది. అందుకే మండపం ఎనిమిది అడుగులదే అనుకున్నం. వెనక రెండు, ముందర రెండు అడుగులు లేకపోతే అయ్యగారు, ఫోటో తీసేటోడు తిరగనీకె జాగా ఉండదు.

ఇంక ఆ గోడ దాచాలె. నలభై ఏండ్లు సాంచెల కాడ నిలబడ్డోన్ని గదా, గుడ్డ లెక్క నాది. నా పెద్ద బిడ్డ పెండ్లిల నేనే తప్పు చేసిన. గోడ ఎంత వెడల్పో అంతే గుడ్డ తెచ్చి కట్టిన. బిగ్గరగ ఉతికి ఆరేసిన దుప్పటి లెక్క కనపడ్డది, వెనక గోడ మరకలు కూడ తెలిసినయ్. తెరకు కుచ్చులు పడాలంటె వెడల్పుకు రెట్టింపు గుడ్డ కావాలె. 18 అడుగులకు 36 అడుగులు. 44 ఇంచుల పన్నా అయితే పది పన్నాలు సరిపోతయ్. ఎత్తు పది అడుగులు, పైన పైపు దూర్చేదానికి, కింద మడతకు అర అడుగు. ఒక్కో పన్నాకు 3.2 మీటర్లు, మొత్తం 32 మీటర్లు. మీటరు 70 రూపాయలకు దొరికింది, 2,240 అయింది. కుట్టుడు ఇంట్లనే. మెరిసే సాటిన్ వద్దన్న, ఫ్లాష్ పడితే తెల్లగ కొడ్తది. తాడు మీద కడితే నడుమ సాగుతది, అందుకని రెండు స్టాండ్లు, అడ్డం పైపు పెట్టినం. హాలోళ్లు గోడకు మొల కొట్టనియ్యరు.

మండపం నాలుగు కంబాలు, పై పైపులు, స్టాండ్లతోటి కిరాయి 3,500. హాలుల ఇంకొకటి చూసినం. స్టేజీ పైన ఫ్యాను రెక్కలు తొమ్మిది అడుగుల మీదనే ఉన్నయ్, మండపం ఎనిమిది అడుగులు. అందుకని పైన పూల గుత్తులు నిలబెట్టలేదు. ముహూర్తం అప్పుడు ఆ ఫ్యాను బంద్ పెట్టించినం, లేకపోతే హోమం పొగ కండ్లల్లకు కొడ్తది. కంబాలకు గుడ్డ బిగించి చుట్టినం, వేలాడ వదల్లేదు. పాలిస్టర్ నిప్పు తగిలితే కరిగి మీద పడ్తది. గుండానికి మూడు అడుగుల లోపల ఏ గుడ్డా ఉండొద్దు.

బంతిపూలు ఎన్ని కిలోలు కావాల్నో ఎవ్వరిని అడిగినా ఒక్కో మాట చెప్తరు. కంబానికి అర అడుగుకు ఒక చుట్టు అనుకుంటే, 16 చుట్లకు సుమారు 18 అడుగుల దండ పడ్తది. నాలుగింటికి 72 అడుగులు. ముందర ఒక్క కిలో తెచ్చి గుచ్చి, ఎన్ని అడుగులు వచ్చిందో చూసి మిగతాది చెప్పినం. పూలకు 3,000, అరటి కంబాలు, మామిడాకులకు 800, రెండు లైట్ల కిరాయి 1,000. మిగిలిన 1,460 తాళ్లకు, ఆటోకు ఉంచినం. దండలు ముందు రాత్రి గల్లీ ఆడపిల్లలే గుచ్చిండ్రు.

ఫోటోల అసలే కనపడనిది దిక్కు. పొద్దున పోయి చూస్తే స్టేజీ ముఖం పడమరకు ఉంది. పీటల మీద కూర్చునేటోళ్లు తూర్పుకు తిరగాలని అయ్యగారు అన్నడు. అట్ల కూర్చుంటే జనాలకు వీపులే కనపడ్తయ్. చెల్లెకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, హాలుకు అడ్వాన్సు ఇచ్చేసింది మరి. అయ్యగార్నే మల్ల అడిగినం. ఉత్తరం ముఖం కూడ నడుస్తదన్నడు. పీటలు అడ్డంగ తిప్పినం, జనాలకు ఇద్దరూ పక్క నుంచి కనపడ్డరు. జనాల దిక్కు రెండు కంబాల నడుమ ఏమీ కట్టలేదు.

తెర ఇప్పుడు మా ఇంట్లనే మడత పెట్టి ఉంది. పక్క గల్లీల పెండ్లికి అడిగిండ్రు. ఆ స్టేజీ వెడల్పు 24 అడుగులట, ఇంక మూడు పన్నాలు కుట్టి కలపాలె.