చార్జరుకి కూడా స్టెబిలైజరా?

వేసవి సాయంత్రం వీధిలో ఏసీలన్నీ మొదలయ్యేసరికి మా ఫ్రిజ్ స్టెబిలైజరు మీద అంకె 160కి పడిపోతుంది, ఫ్యాను ఈడుస్తూ తిరుగుతుంది. అది చూసి మా ఆయన, "లాప్‌టాప్‌కీ ఫోన్లకీ కూడా ఒకటి కొనేద్దాం" అన్నారు. నేను ససేమిరా అన్నాను.

చార్జరు మీది చీమతలకాయంత అక్షరాలు చదివి వినిపించాను: `INPUT: 100-240V`. అంటే 160 వచ్చినా 230 వచ్చినా లోపలి సర్క్యూటే సర్దుకుని ఫోనుకి కావలసినంతే ఇస్తుంది. వోల్టేజి తగ్గితే కరెంటు కాస్త ఎక్కువ లాక్కుంటుంది, అంతే. ఫ్రిజ్ సంగతి వేరు. అందులో కంప్రెసర్ మోటారు తక్కువ వోల్టేజికి తిరగలేక వేడెక్కి కాలిపోతుంది. రెంటినీ ఒకే గాటన కడితే ఎలాగండీ?

"మరి పిడుగు పడితే?" అన్నారు. స్టెబిలైజరులో రిలే టక్కుమనేలోపే పిడుగు పని అయిపోతుంది! అప్పుడు ప్లగ్ పీకెయ్యడమే దిక్కు.

నాకున్న భయమల్లా స్తంభం దగ్గర న్యూట్రల్ తెగడం గురించే. అప్పుడు ఇంట్లోకి 400 దాకా రావచ్చు, చార్జర్లూ పోతాయి. ఫ్యాను ఉన్నట్టుండి గిర్రున తిరిగితే మెయిన్ కట్టేయాలి. అయినా అది ఇల్లంతటికీ వచ్చే ముప్పు కదా, ఆ డబ్బుతో మెయిన్ దగ్గర ఓవర్ వోల్టేజి కటాఫ్ పెట్టించమన్నాను. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు.