పెరుగుతూ పోయే ఎడం



కొలిమిగుండ్ల పరిసరాలలోని నాపరాళ్ళ గనిలో పనిచేసే ఒక తండ్రి తన కుమారుణ్ణి హిఫ్జ్ కోసం మాకు అప్పగించాడు. బాలుడు చురుకైనవాడు. సుమారు ఏడాదిలో పన్నెండు పారాలు పూర్తి చేశాడు. ప్రతి ఉదయం కొత్త సబఖ్‌ను తడబాటు లేకుండా వినిపించేవాడు. మేమూ సంతోషించి మరుసటి పుట ఇచ్చేవారము. అర్ధ సంవత్సర పరీక్షకు వచ్చిన ఒక పెద్ద హాఫిజ్ గారు అతణ్ణి మూడవ పారా మధ్య నుంచి చదవమన్నారు. నాలుగు వరుసలు చదివి ఆగిపోయాడు. ఐదవ పారా అడిగితే రెండు వరుసల దగ్గరే ఆగిపోయాడు. పిల్లవాడు తల దించుకున్నాడు. నిజానికి ఆ రోజు తల దించుకోవలసింది మేము.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలంటే మద్రసాలలో సాగే పద్ధతిని రెండు మాటలలో వివరించాలి. ఆ రోజు కొత్తగా నేర్చినది సబఖ్. ఇటీవలి రోజులలో నేర్చిన పుటలను మళ్ళీ వినిపించడం సబ్ఖీ. అంతకు ముందువన్నీ వంతుల వారీగా వినిపించడం మంజిల్. మేము సబఖ్ విన్నాము, సబ్ఖీ విన్నాము. పిల్లల సంఖ్య ఎక్కువై, మంజిల్‌ను మాత్రం "నీవే చూసుకో" అని వదిలివేశాము. అతడు నిజంగానే చూసుకున్నాడు, అంటే ముస్హఫ్ తెరచి చూస్తూ చదువుకున్నాడు. చూసి చదివేటప్పుడు ప్రతి పదమూ పరిచయమైనదిగానే తోస్తుంది. పరిచయం వేరు, పుట మూసి వెలికి తీయగలగడం వేరు. ఈ తేడా మూసి చదివినప్పుడే బయటపడుతుంది.

మరపు ఎలా సాగుతుందో పరిశీలించినవారిలో జర్మనీకి చెందిన ఎబింగ్‌హాస్ ముఖ్యుడు. అర్థం లేని అక్షరాల కూర్పులను తానే కంఠస్థం చేసి, కొన్ని గంటలకు, కొన్ని రోజులకు ఎంత మిగిలిందో కొలిచి 1885లో ఒక గ్రంథం ప్రచురించాడు. మరపు మొదటి గంటలలోనూ మొదటి రోజునా అతి వేగంగా ఉంటుందనీ, తరువాత నెమ్మదిస్తుందనీ అతడు గమనించాడు. కనుక కొత్త పుటకు మొదటి పునశ్చరణ మరునాడే జరగాలి. చెరిగిపోకముందే ఒకసారి గుర్తు చేసుకుంటే ఆ పుట మునుపటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. అందువల్ల రెండవ పునశ్చరణను కొంత ఎడంగా, మూడవదాన్ని ఇంకా ఎడంగా పెట్టవచ్చు. సబఖ్, సబ్ఖీ, మంజిల్ అనే మన పెద్దల వరుసలోనూ ఎడం ఇలాగే పెరుగుతుంది. అయితే సబ్ఖీకీ మంజిల్‌కూ మధ్య ఒక అగాధం ఉంది. మా బాలుడి పారాలు అందులోనే పడిపోయాయి.

ఆ అగాధాన్ని పూడ్చడానికి మేము అయిదు మెట్లు పెట్టుకున్నాము. పుట నేర్చిన తరువాత ఒక రోజు ఎడం, ఆపై మూడు, ఏడు, పదిహేను, ముప్పై రోజుల ఎడం. అంటే నేర్చిన నాటి నుంచి లెక్కిస్తే 1, 4, 11, 26, 56వ రోజులలో ఆ పుటను మూసి వినిపించాలి. ఆ తరువాత ముప్పై రోజులకొకసారి.

దీనికి పెద్ద పట్టిక అవసరం లేదు, తీసివేత వస్తే చాలు. రోజుకు ఒక పుట చొప్పున సాగే పిల్లవాడు నేడు నూరవ పాఠం నేర్చాడనుకోండి. నూరు నుంచి ఆ అయిదు సంఖ్యలను తీసివేస్తే 99, 96, 89, 74, 44 వస్తాయి. నేడు వినవలసిన పాత పుటలు అవే. నలభై నాలుగు నుంచి మరో ముప్పై తీసివేస్తే 14 వస్తుంది, అదీ నేటి వంతే. మొత్తం ఆరు పుటలు. ఇక్కడ లెక్క తేదీలది కాదు, పాఠాలది. శుక్రవారం సెలవైతే పాఠం సంఖ్య పెరగదు కనుక లెక్క చెదరదు.

పుట విన్న తరువాత ఏం చేయాలన్నది మరింత ముఖ్యం. మద్రసాలలో అటకన్, గల్తీ అని రెండు మాటలున్నాయి. పిల్లవాడు ఒక్క క్షణం ఆగి తానే సర్దుకుంటే అటకన్. ఉస్తాద్ అందించవలసి వస్తే గల్తీ. పుటలో గల్తీ లేకపోతే దాన్ని తరువాతి మెట్టుకు పంపుతాము. ఒకటి రెండు ఉంటే అదే ఎడం తరువాత మరొకసారి వింటాము. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే దాన్ని కొత్త పుటగా భావించి మొదటి మెట్టుకు దింపుతాము. పైన చెప్పిన 74వ పుట నేడు అలా తప్పిందంటే, పుస్తకం చివరి కాగితం మీద దాని ఎదుట 101, 104, 111, 126, 156 అని వ్రాసుకోవాలి. ఆ పాఠాల నాడు అది మళ్ళీ వినిపించాలి. మెట్టు దింపడం శిక్ష కాదని పిల్లవాడికి మొదటే చెప్పాలి. లేకపోతే వినేవారి చూపు తప్పించుకొని తప్పులు దాచడం నేర్చుకుంటాడు.

మా బాలుడి విషయంలో ముందుగా కొత్త సబఖ్ ఆపివేశాము. పన్నెండు పారాలంటే, పదిహేను వరుసల ముస్హఫ్‌లో సుమారు 240 పుటలు. రోజుకు ఎనిమిది చొప్పున ముప్పై రోజులు విన్నాము. 130 పుటలు శుభ్రంగా వచ్చాయి, వాటిని నెలకొకసారి వచ్చే వంతులో పెట్టాము. అరవై పుటలలో ఒకటి రెండు గల్తీలున్నాయి, వాటిని పదిహేను రోజుల మెట్టు మీద నిలిపాము. మిగిలిన యాభై పుటలను రోజుకు రెండు చొప్పున కొత్తగా నేర్పాము. దానికి మరో ఇరవై అయిదు రోజులు పట్టింది. అప్పుడు తండ్రి వచ్చి, "హజ్రత్, మా పక్కింటి పిల్లవాడు పద్దెనిమిదో పారాలో ఉన్నాడు. మావాడిని ఎందుకు ఆపేశారు?" అని అడిగాడు. మేము అతణ్ణి కూర్చోబెట్టి కుమారుణ్ణి ఐదవ పారా వినిపించమన్నాము. తండ్రి చివరి వరకూ విని, మరేమీ అనకుండా లేచి వెళ్ళాడు.

పదమూడవ పారా నుంచి మళ్ళీ ముందుకు సాగాక మరొక చిక్కు వచ్చింది. పదహారవ పారాలోని తాహా సూరా నేర్చిన వారంలోనే, అంతవరకు గల్తీ లేకుండా వస్తున్న తొమ్మిదవ పారా పుట ఒకటి చెడిపోయింది. మాంత్రికులు సజ్దాలో పడి విశ్వాసం ప్రకటించే ఘట్టం ఆరాఫ్ సూరాలోనూ, షుఅరా సూరాలోనూ, తాహా సూరాలోనూ ఉంది. మొదటి రెండింటిలో మూసా పేరు ముందు, హారూన్ పేరు తరువాత వస్తాయి. తాహాలో హారూన్ పేరు ముందు వస్తుంది. బాలుడు ఆరాఫ్ చదువుతూ తాహా వరుసలోకి జారిపోసాగాడు. ఇది మరపు కాదు, ఒకదానితో మరొకటి కలిసిపోవడం. ఎడం లెక్క దీన్ని ముందుగా కనిపెట్టలేదు. ఎందుకంటే పాత పుట వంతు ఇంకా రెండు వారాల దూరంలో ఉంది, ఈలోగా తప్పు వరుస నోటికి అలవాటైపోతుంది. అందువల్ల పోలికగల ఆయతులు ఉన్న పుట కొత్తగా నేర్చిన రోజునే పాత పుటను వంతు తప్పించి పిలవాలి. రెండింటినీ పక్కపక్కన చదివించి, తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి.

మరి ఎడాన్ని అరవై, నూట ఇరవై రోజులకు పెంచకూడదా అని కొందరు అడుగుతారు. అరబీ పదాల అర్థాలకు, పదవ తరగతి చరిత్ర తేదీలకు తప్పక పెంచవచ్చు. పరీక్షకు ముందు చివరి పునశ్చరణ పడేట్లు చూసుకుంటే చాలు. అక్కడ ఒక పదం మరచిపోతే ఆ ఒక్క పదమే పోతుంది. ఖుర్ఆన్ పుట గొలుసు వంటిది, ఒక పదం జారితే తరువాతి పదం దొరకదు. పైగా ఒక్క అక్షరం మారినా సరిపోయిందనుకోవడానికి వీలులేదు. కట్టివేసిన ఒంటెను యజమాని కనిపెట్టుకొని ఉండకపోతే అది తప్పించుకుపోతుందనీ, కంఠస్థం చేసిన ఖుర్ఆన్ అంతకన్నా వేగంగా జారిపోతుందనీ ప్రవక్త మహనీయులు (స) హెచ్చరించిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. కనుక మేము ముప్పై రోజుల దగ్గర ఎడాన్ని నిలిపివేస్తాము.

అందుకు చెల్లించే వెల ఏమిటో కూడా తెలిసి ఉండాలి. రెండు వందలవ పాఠం నాడు వినవలసిన పాత పుటలు తొమ్మిది. ఆరు వందలవ పాఠం నాటికి అవి ఇరవై మూడు అవుతాయి. హిఫ్జ్ పూర్తయి కొత్త పాఠం ఆగిపోయాక భారం రోజుకు ఇరవై పుటల దగ్గర స్థిరపడుతుంది, అంటే సరిగ్గా ఒక పారా. హాఫిజ్ ప్రతిరోజూ ఒక పారా చదవాలని పెద్దలు అనేది ఇందుకే. ఆ సమయం దొరకని పిల్లవాడికి కొత్త సబఖ్‌ను అరపుటకు తగ్గించాలి, పాతవాటిని వదలకూడదు.

చివరిగా ఇంటివారికి ఒక మాట. రంజాన్ సెలవులలో ఎక్కువ నష్టపోయేవి పాత పారాలు కావు, ఇంకా మెట్లు పూర్తికాని కొత్త పుటలు. అందుకే ఇప్పుడు మేము పిల్లలను పంపేటప్పుడు చివరి ఇరవై ఆరు పాఠాల పుటల సంఖ్యలను కాగితం మీద వ్రాసి ఇస్తున్నాము. తల్లి హాఫిజా కానక్కరలేదు, చూసి చదవగలిగితే చాలు. ముస్హఫ్ ఆమె చేతిలో ఉండాలి, పిల్లవాడి చేతిలో కాదు. ఆగినచోట వెంటనే అందించక మనసులో అయిదు లెక్కపెట్టాలి, అప్పటికీ రాకపోతే అందించి పెన్సిలుతో అంచున చిన్న చుక్క పెట్టాలి. సెలవుల తరువాత మొదటి వారం మేము కొత్త సబఖ్ ఇవ్వము, ఆ చుక్కలున్న పుటలనే వింటాము.

ఆ బాలుడు ఇప్పుడు ఇరవై ఒకటవ పారాలో ఉన్నాడు. తాహా దగ్గర ఇంకా ఒక క్షణం ఆగుతాడు, కానీ తానే సర్దుకుంటాడు. గల్తీ అటకన్‌గా మారింది. అల్లాహ్ అతనికీ, మన పిల్లలందరికీ తమ హృదయాలలో ఉన్నదాన్ని కాపాడుకునే శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.