వృత్తి గడిలో అమ్మ

అమ్మా,

మదర్స్ డే అని ఫోన్ చేస్తే "ఆఫీసుకి పోలేదా ఇవాళ?" అంటావు, తర్వాత "తిన్నావా?" అంటావు, అక్కడితో నేను చెప్పాలనుకున్నది చెప్పకుండానే మాటలు అయిపోతాయి. అందుకే రాస్తున్నాను. నీ ఒక్కదానికే చెప్పుకునే మాటయితే వాట్సాప్ చాలు. వేటపాలెం, పందిళ్లపల్లి, జాండ్రపేట, చీరాల మగ్గాల ఇళ్లలో పుట్టి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కుర్చీలు దొరకబుచ్చుకున్న నాలాంటి వాళ్లందరి ముందూ అనాల్సిన మాట కాబట్టి పత్రికకి పంపిస్తున్నాను.

మే రెండో ఆదివారం పొద్దున్నే మా ఫోన్లలో "అమ్మ త్యాగానికి వందనం" అన్న మెసేజిలు వరదలా వస్తాయి. ఆ త్యాగం అనే మాట మీద నాకు అనుమానం. త్యాగమంటే ఇచ్చినవాళ్లు లెక్క అడగరు, పుచ్చుకున్నవాళ్లు లెక్క చెప్పనక్కర్లేదు. నువ్వు చేసింది పని. దానికి కొలత ఉంది, నైపుణ్యం ఉంది, ధర ఉంది. దానికి దండం పెట్టడం మాకు సులువు, ధర కట్టడం కష్టం. అందుకే ఏటేటా దండమే పెడుతున్నాం.

ఆ కొలత ఒకసారి తీద్దాం. ఐదున్నర మీటర్ల నూలు చీర, పన్నా నలభై ఏడు అంగుళాలు, అంగుళానికి 60 పేక పోగులు అనుకుందాం. చీర పొడవు రెండొందల పదహారు అంగుళాలు దాటుతుంది కాబట్టి నాన్న చేతిలో నాడె అటూ ఇటూ దాదాపు పదమూడు వేల సార్లు పరిగెత్తాలి. ఒక్కో పరుగుకీ దగ్గర దగ్గర ఒకటింపావు మీటరు నూలు వదులుతుంది. అంతా కలిపితే పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. వేటపాలెంలో మనింటి నుంచి చీరాల వెళ్లి తిరిగి వచ్చేంత దూరం. అది 80 నంబరు నూలయితే తూకానికి నూటపదిహేను గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. అంత నూలూ చిలప నుంచి విడి, రాట్నం మీద కండెలోకి ఎక్కాలి. ఎక్కించేది నువ్వు. ఇది ఒక్క చీర పేక లెక్కే. పడుగు పని ఇందులో కలపలేదు.

పైగా అది ఎవరు పడితే వాళ్లు చేసేది కాదు. కండె వదులుగా చుడితే నాడె పరుగులో నూలు పొరలు పొరలుగా జారి చిక్కుపడుతుంది. బిగుతుగా చుడితే పోగు తెగుతుంది, తెగకపోతే అంచుని లోపలికి లాగేస్తుంది. రెండు అద్దకాల నూలు కలిసిపోతే బట్టలో అడ్డచార పడుతుంది. ఆ చార నీడలో కనిపించదు, ఎండలో మడత విప్పితే కనిపిస్తుంది. మాస్టర్ వీవరు విప్పేది ఎండలోనే, కూలీలో కోత పెట్టేదీ అక్కడే. మే నెల ఎండకి నూలు ఎండి పోగు ఊరికే పుటుక్కుమంటుంది, వానల్లో గుంటలోకి చెమ్మ చేరుతుంది. చేతివేళ్ల మధ్య నూలు జారే తీరుని బట్టి నువ్వు బిగువు సర్దుకుంటావు. నాకు ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు చెప్పిన పాఠాల్లో ఇంత సూక్ష్మంగా చేత్తో కొలిచేది ఒక్కటీ లేదు.

మరి కూలీ ఎవరికి? పడుగు లెక్కన నాన్నకి. కండెల చుట్టుడు అందులోనే ఉంది అంటారు. ఎంత ఉందని అడిగితే చెప్పేవాళ్లు లేరు. నిన్నడిగితే నువ్వు కూడా "పనిచేసేది మీ నాయన, నేను ఖాళీగా కూర్చోలేక రెండు కండెలు చుడతా" అంటావు. వంటయ్యాక, నీళ్లు పట్టాక, మమ్మల్ని బడికి పంపాక, రాత్రి లైటు కింద నువ్వు చేసిన పని నీ నోట్లోనే "ఖాళీ" అయిపోయింది. ఆ మాట నీకు నేర్పింది మేమే, ఈ ఊరే. బడిలో చేరేటప్పుడు, కాలేజీలో, స్కాలర్‌షిప్పు దరఖాస్తులో, చివరికి ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా తల్లి వృత్తి అన్న గడి ఉంటుంది. తండ్రి గడిలో నేత అని రాస్తాం, తల్లి గడిలో గృహిణి అని రాస్తాం. ఒకే మగ్గం, ఒకే చీర. గుంటలో కాళ్లు పెట్టినవాడు కార్మికుడు, పక్కన రాట్నం దగ్గర కూర్చున్నది గృహిణి. మగ్గాల వీధుల్లో చదువుకున్న ప్రతి పిల్లా ఈ అబద్ధం మీద సంతకం చేసింది.

దేశం లెక్క మాత్రం వేరేగా ఉంది. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో మొత్తం చేనేత పనివాళ్లు 35 లక్షల పైన తేలారు. వాళ్లలో నూటికి 72 మంది ఆడవాళ్లు. ఈ అంకె చూసి మురిసిపోకూడదు. ఈశాన్య రాష్ట్రాల ఆడవాళ్లు ఇందులో చాలామంది, అక్కడ మగ్గం మీద కూర్చునేదే వాళ్లు. కానీ అదే గణన నేసేవాళ్లతో పాటు కండెలు చుట్టేవాళ్లనీ ఆసు పోసేవాళ్లనీ అనుబంధ పనివాళ్లుగా విడిగా లెక్కపెట్టింది. వాళ్లు దాదాపు ఎనిమిదిన్నర లక్షలు. ఢిల్లీ లెక్కలో నువ్వు ఉత్త గృహిణివి కావు, కార్మికురాలివి. మనింటి ఫారాల్లో మాత్రం ఇంకా కార్మికురాలివి కావు.

పథకాలదీ ఇంటి లెక్కే. 2019లో మన రాష్ట్రంలో మొదలైన నేతన్న నేస్తంలో సొంత మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24 వేలు ఇచ్చారు. ఇంట్లో ఎన్ని మగ్గాలున్నా, ఎన్ని చేతులు ఆడినా ఒక్కటే సాయం. ఆ డబ్బు ఎన్నో ఇళ్లని నిలబెట్టింది, కాదనను. కానీ పేరులోనే నేతన్న ఉన్నాడు, నేతమ్మ లేదు.

ఆడదాని పనికి ధర కట్టడం కోర్టులకి వచ్చు. కాకపోతే ఆమె పోయాక కడతాయి. 2014లో ఢిల్లీలో మోటార్ సైకిల్ మీద వెళుతున్న భార్యాభర్తలు ప్రమాదంలో చనిపోయారు. వాళ్ల కూతుళ్ల తరఫున నడిచిన కేసులో 2021 జనవరి 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందులో జస్టిస్ ఎన్.వి. రమణ, మన ఉమ్మడి కృష్ణా జిల్లా మనిషి, విడిగా ఒక అభిప్రాయం రాశారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న 2019 సర్వే లెక్కని అందులో ఎత్తి చూపారు. ఇంట్లో ఉండే ఆడది పనిచేయదు అనుకోవడం తప్పనీ, ఆమె పనికి ఆదాయం లెక్కగట్టడం సమానత్వంలో భాగమనీ అన్నారు. మంచి తీర్పు. కానీ నష్టపరిహారం కట్టేటప్పుడు తేలే ధర, కండె చుడుతున్నప్పుడు ఎందుకు తేలకూడదు? నీ విషయంలో ఆ లెక్క నేను బతికుండగానే, నువ్వు బతికుండగానే కావాలని అడుగుతున్నాను.

ఈ మదర్స్ డే పుట్టింది కూడా పని నుంచే. అమెరికాలో ఇప్పటి వెస్ట్ వర్జీనియా ప్రాంతంలో ఆన్ రీవ్స్ జార్విస్ అనే తల్లి 1858 ప్రాంతంలో తల్లుల పని సంఘాలు పెట్టింది. పుట్టిన పిల్లలు రోగాలతో పోతుంటే శుభ్రమైన నీళ్లు, పాలు, మందుల గురించి ఇల్లిల్లూ తిరిగిన సంఘాలవి. ఆమె పోయాక కూతురు అన్నా జార్విస్ పట్టుబట్టి 1908లో మొదటి సభ జరిపించింది, 1914లో అది జాతీయ దినమయింది. తర్వాత ఆ కూతురే కార్డుల కంపెనీల మీదా పూల వ్యాపారుల మీదా ఏళ్ల తరబడి పోట్లాడింది. అచ్చేసిన కార్డు కొని పంపడం ఆమెకి అసహ్యం. మనకి తల్లి సంఘం గుర్తు లేదు, కూతురి పోట్లాట గుర్తు లేదు, కార్డు మిగిలింది. ఇప్పుడది ఫార్వర్డ్ అయింది.

మన ఊరికి లెక్కలు భద్రపరచడం రాదని ఎవరూ అనలేరు. 1918లో పుట్టిన సారస్వత నికేతనం మనది. 1929లో గాంధీ శంకుస్థాపన చేసిన చోటు, పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి వాళ్లో వెతుక్కుంటూ వచ్చే గ్రంథాలయం. చిరిగిన కాగితానికి కూడా బీరువాలో చోటిచ్చిన ఊరు, రాట్నం ముందు నడుం వంగిన ఆడవాళ్ల పేర్లకి ఒక రిజిస్టరు తెరవలేదు.

నీ కుడిభుజం నొప్పి సంగతి కూడా చెప్పాలి. డాక్టరు "ఏం పని చేస్తారమ్మా?" అంటే "ఇంట్లోనే" అంటావు. ఆయన వయసు అని రాసి మాత్రలు ఇస్తాడు. చక్రం తిప్పిన కుడిచెయ్యి, నూలు పట్టిన ఎడమచెయ్యి, గంటల తరబడి వంచిన మెడ ఆ చీటీలోకి రావు. వృత్తి చెప్పనిదే వృత్తి వల్ల వచ్చిన నొప్పి అని తెలిసేదెలా? ఈసారి చెప్పు. నువ్వు చెప్పకపోతే పక్కనున్న నేను చెబుతాను.

ఇక నాతో పాటు ఊరు దాటిన వాళ్లకి. పండక్కి చీర కొనేటప్పుడు షాపులో బేరం ఆడి మిగిల్చింది ఎవరి చేతుల్లోంచి పోతుందో మనకి తెలుసు, మనం ఆ ఇళ్లలోనే పుట్టాం. తెలిసి ఊరుకోవడం తెలియనివాడి తప్పుకంటే పెద్దది. ఇంటికి వెళ్లినప్పుడు నాన్నతో, అన్నతో కూర్చుని పడుగు కూలీలో కండెలకీ ఆసుకీ ఎంతో విడిగా కట్టమని మాస్టర్ వీవర్‌ని అడిగించండి. ఆ మేరకి డబ్బు అమ్మ బ్యాంకు ఖాతాలో పడేట్టు చూడండి. సహకార సంఘంలో సభ్యత్వం నాన్న పేరు మీదే ఉంటే, అమ్మ పేరు మీద దరఖాస్తు రాసి పట్టుకెళ్లండి. చేనేత గుర్తింపు కార్డుకి అనుబంధ పనివాళ్ల కింద ఆమె పేరు అడగండి. ఇవ్వకపోతే ఎందుకివ్వరో రాసిమ్మనండి. మీలో ఎవరూ ఆఫీసులో నోటిమాట సమాధానంతో తిరిగి వచ్చే రకం కాదు. అమ్మ విషయంలో మాత్రం ఎందుకు మొహమాటం?

ఇంతమాత్రానికే "నాకెందుకే ఇయ్యన్నీ" అంటావని తెలుసమ్మా. నీకు అక్కర్లేకపోవచ్చు. నీ రాట్నం పక్కనే కూర్చుని కండెలు నేర్చుకుంటున్న ఎదురింటి కోడలికి కావాలి.

జూన్‌లో బడులు తెరుస్తారు. మగ్గాల వీధుల్లో పిల్లల దరఖాస్తులు నింపే ప్రతి అన్నకీ, అక్కకీ, పంతులుగారికీ ఒక్కటే మనవి: తల్లి వృత్తి గడిలో గృహిణి అని రాసేముందు ఆమెని అడగండి. ఆమె చెప్పకపోతే, చేతిలో ఏముందో చూసి, చేనేత కార్మికురాలు అని రాయండి.