వేళ్ళు తవ్వకుండానే లెక్క తేల్చొచ్చు

ఇంటర్లో వర్గ సమీకరణాల పాఠం చదివిన ప్రతివాడికీ ఈ రెండు ముక్కలు గుర్తుంటాయి. ax² + bx + c = 0 కి మూలాలు α, β అయితే, వాటి మొత్తం −b/a, లబ్ధం c/a. ఆ తర్వాత ఏముంటుంది? α² + β² కి ఒక సూత్రం, α³ + β³ కి ఇంకో సూత్రం, 1/α + 1/β కి మరోటి. ఈఏపీసెట్ కోచింగులో అయితే ఇవన్నీ ఒక పట్టికలా రాయించి బట్టీ పట్టించేస్తారు. నా అభిప్రాయం ఏంటంటే, ఆ పట్టిక వల్లే పాఠం చెడిపోయింది. అక్కడ నేర్చుకోవాల్సింది సూత్రాలు కాదు. "అడగని దాన్ని కనుక్కోవద్దు" అన్న ఒకే ఒక్క అలవాటు. అది లేకపోతే ఏమవుతుందో మన కోడింగు ప్రపంచం నుంచే ఒక ఉదాహరణ చెప్తా.

గూగుల్ వాళ్ళు కోడ్ జామ్ అని ఒక పోటీ పెట్టేవాళ్ళు (2023లో ఆపేశారు లెండి). 2008 పోటీలో రౌండ్ 1A మూడో ప్రశ్న చూడ్డానికి చాలా అమాయకంగా ఉంటుంది. n ఇస్తారు. (3 + √5)ⁿ లో దశాంశ బిందువుకి ముందున్న చివరి మూడు అంకెలు చెప్పాలి. n = 5 అయితే విలువ 3935.73... కాబట్టి జవాబు 935. n = 2 అయితే 27.41... కాబట్టి 027. అంతే!

మనలో చాలామంది చేతులు ముందు ఏం టైపు చేస్తాయో ఊహించడం కష్టం కాదు. pow(3 + sqrt(5), n), దానికో floor, ఆపైన 1000 తో శేషం. n ఐదో పదో ఉన్నప్పుడు చక్కగా పని చేస్తుంది. ఆ తర్వాత నిశ్శబ్దంగా తప్పుతుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, తప్పు అంకెలు మాత్రం ధీమాగా ప్రింట్ అవుతాయి. టైపు మార్చడమో, ఇంకా ఖచ్చితమైన లైబ్రరీ వెతుక్కోవడమో మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. అసలు √5 తో మనకేం పని?

3 + √5 ని ఒంటరిగా చూస్తే అదొక వికారమైన సంఖ్య. కానీ దానికో జోడీ ఉంది, 3 − √5. ఈ రెంటినీ α, β అనుకోండి. మొత్తం 6. లబ్ధం 9 − 5 = 4. అంటే ఇవి x² − 6x + 4 = 0 కి మూలాలు. మామూలుగా మనం సమీకరణం నుంచి మూలాల వైపు వెళ్తాం. ఇక్కడ తెలివంతా మూలం నుంచి వెనక్కి సమీకరణం దగ్గరకి రావడంలో ఉంది. ఎందుకంటే √5 మూలాల్లో ఉంది గానీ గుణకాల్లో లేదు. 6, 4 శుభ్రమైన పూర్ణాంకాలు.

ఇప్పుడు αⁿ + βⁿ ని Sₙ అందాం. దీనికి పట్టికలో సూత్రం వెతకక్కర్లేదు. α మూలం కాబట్టి α² = 6α − 4. రెండు వైపులా αⁿ⁻² తో గుణిస్తే αⁿ = 6αⁿ⁻¹ − 4αⁿ⁻². β కీ ఇదే వర్తిస్తుంది. రెండూ కలిపితే:

Sₙ = 6Sₙ₋₁ − 4Sₙ₋₂

చూశారా, α, β రెండూ మాయమైపోయాయి! మిగిలింది మొత్తం, లబ్ధం మాత్రమే. S₀ = 1 + 1 = 2, S₁ = 6. అక్కడినుంచి S₂ = 36 − 8 = 28, S₃ = 168 − 24 = 144, S₄ = 864 − 112 = 752, S₅ = 4512 − 576 = 3936. ఆ పట్టికలో బట్టీ పట్టిన α² + β², α³ + β³ సూత్రాలన్నీ ఈ ఒక్క వరస పిల్లలే.

సరే, కానీ ప్రశ్న అడిగింది αⁿ గురించే కదా, αⁿ + βⁿ గురించి కాదు కదా అంటారా? అక్కడే అసలు మెలిక. β = 3 − √5 అంటే సుమారు 0.76. సున్నాకీ ఒకటికీ మధ్య ఉంది కాబట్టి దాన్ని ఎన్నిసార్లు గుణించినా సున్నాకీ ఒకటికీ మధ్యే ఉంటుంది. Sₙ పూర్ణాంకం, అందులోంచి ఒక చిన్న భిన్నం తీసేస్తే αⁿ. కాబట్టి αⁿ లో పూర్ణాంక భాగం ఎప్పుడూ Sₙ − 1. S₅ = 3936, జవాబు 935. S₂ = 28, జవాబు 027. సరిపోయింది.

మనకి కావాల్సింది చివరి మూడు అంకెలే కాబట్టి ప్రతి అడుగులోనూ 1000 తో శేషం మాత్రం ఉంచుకుంటే చాలు. కోడ్ ఇంతే:

```python
a, b = 2, 6
for _ in range(n):
    a, b = b, (6*b - 4*a) % 1000
print("%03d" % ((a - 1) % 1000))
```

దీన్ని సీలోనో జావాలోనో రాసేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. 6*b - 4*a రుణాత్మకం అయితే అక్కడ % కూడా రుణాత్మకమే ఇస్తుంది. అలా వస్తే 1000 కలుపుకోవాలి. పైథాన్లో ఆ బెడద లేదు.

ఇప్పుడు pow దారి సరిగ్గా ఎక్కడ తెగుతుందో చూద్దాం. డబుల్ లో 53 బిట్ల ఖచ్చితత్వం ఉంటుంది. 2⁵³ అంటే తొంభై కోట్ల కోట్లు, పదహారు అంకెల సంఖ్య. అది దాటాక డబుల్ లో బేసి సంఖ్యలకి చోటే లేదు. మన Sₙ లన్నీ సరిసంఖ్యలు (వరస చూస్తే తెలిసిపోతుంది), కాబట్టి జవాబు Sₙ − 1 ఎప్పుడూ బేసి. n = 23 దగ్గర Sₙ 2⁵³ ని దాటేస్తుంది. అంటే అక్కడినుంచి సరైన జవాబుని ఆ డబ్బాలో పెట్టడం కూడా కుదరదు, లెక్క ఎంత బాగా చేసినా సరే. అంతకన్నా ముందే √5 ని కుదించి రాసుకున్న పొరపాటు ఘాతంతో పాటు పెరుగుతూ వస్తుంది, అది వేరే సంగతి. పరీక్షించడం కూడా తేలికే. మీ జవాబులో చివరి అంకె సరిసంఖ్య వచ్చిందంటే అది ఖచ్చితంగా తప్పు.

పోనీ శేషం తీసుకోకుండా పూర్ణాంకాలతోనే లాగిద్దామంటే, 64 బిట్ల long కూడా n = 26 వరకే ఆదుకుంటుంది. ఆ పోటీలో చిన్న ఇన్‌పుట్ కే n 30 దాకా ఉంది. పెద్ద ఇన్‌పుట్ లో అయితే ఏకంగా 200 కోట్లు.

200 కోట్లకి పై లూపు పైథాన్లో నిమిషాల తరబడి తిరుగుతుంది. దానికీ మందు మన పాత పాఠంలోనే ఉంది. α² + β² = (α + β)² − 2αβ అని మనం బట్టీ పట్టిందే. అందులో α బదులు αⁿ, β బదులు βⁿ పెట్టి చూడండి:

S₂ₙ = Sₙ² − 2·4ⁿ

S₅ నుంచి ఒక్క గెంతులో S₁₀ కి వెళ్ళొచ్చు. 3936² − 2·1024 = 15492096 − 2048 = 15490048. వరసలో ఒక్కొక్కటీ లెక్క కట్టినా ఇదే వస్తుంది, కావాలంటే చేసి చూడండి. బేసి ఘాతాలకి S₂ₙ₊₁ = Sₙ·Sₙ₊₁ − 6·4ⁿ వాడుకోవాలి. Sₙ·Sₙ₊₁ ని విప్పి రాస్తే ఇది కూడా రెండు లైన్లలో వచ్చేస్తుంది. 200 కోట్లు 2³¹ కన్నా తక్కువ కాబట్టి సుమారు 31 గెంతుల్లో పనైపోతుంది. బోర్డు మీద ఎక్కాల్లా వల్లించిన ముక్కే 200 కోట్లని 31 చేసింది!

ఇది ఎక్కడ పని చెయ్యదో కూడా చెప్పకపోతే నేనూ మళ్ళీ పట్టిక రాయించినట్టే. మొదటి పరీక్ష, α ని β తోనూ β ని α తోనూ మార్చి చూడండి. సమాసం మారకపోతే మొత్తం, లబ్ధం చాలు. మారిందంటే చాలవు. కారణం సింపుల్. 6, 4 అన్న రెండంకెలకి మూలాల్లో ఎవరు ముందో ఎవరు వెనకో తెలీదు. α − β మార్చితే గుర్తు మారుతుంది. కాబట్టి దాని వర్గం 36 − 16 = 20 అని చెప్పగలం గానీ, అది +√20 నా −√20 నా అన్నది చెప్పలేం. α² + β కూడా అంతే. α² బదులు 6α − 4, β బదులు 6 − α పెడితే 5α + 2 వస్తుంది. ఏ మూలాన్ని α అన్నారో చెబితే గానీ విలువ తేలదు. ఇలాంటి ప్రశ్న పరీక్షలో వస్తే పట్టిక బట్టీ పట్టినవాడు సూత్రం కోసం వెతుక్కుంటూ కూర్చుంటాడు. ఈ పరీక్ష తెలిసినవాడు రెండు జవాబులున్నాయని వెంటనే పట్టేస్తాడు.

రెండోది, ఆ "ఒకటి తీసెయ్" చిట్కా అన్నిటికీ పనికిరాదు. 5 + √2 తీసుకుంటే జోడీ 5 − √2, అంటే 3.58. దాని ఘాతాలు పెరుగుతూ పోతాయి. Sₙ అప్పుడూ పూర్ణాంకమే, కానీ αⁿ లో పూర్ణాంక భాగం గురించి అది ఏమీ చెప్పదు. 1 + √2 కి జోడీ −0.41. ఇక్కడ n సరి అయితే ఒకటి తీసెయ్యాలి, బేసి అయితే తీసెయ్యకూడదు. బేసి ఘాతానికి βⁿ రుణాత్మకం అవుతుంది మరి. కళ్ళు మూసుకుని కాపీ కొట్టేవాళ్ళు పడేది ఇక్కడే.

మూడోది, x² − 2x + 5 = 0 కి α² + β² = 4 − 10 = −6. వర్గాల మొత్తం రుణాత్మకమా అని కంగారు పడి లెక్క కొట్టేసే పిల్లల్ని నేను చూశాను. లెక్క సరైనదే. మూలాలు సంకీర్ణ సంఖ్యలని అది చెప్తోంది. మూలాల మొహం చూడకుండానే వాటి స్వభావం తెలిసిపోయింది.

ఇంటర్ చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఒక్క పని చెయ్యండి. ఆ సూత్రాల పట్టిక పక్కన పెట్టించి, Sₙ వరస ఒకటి వాళ్ళ చేతే కట్టించండి. S₅ దాకా కడితే చాలు. α⁵ + β⁵ కి సూత్రమేంటని ఇంక అడగరు. మరి మీరు చదువుకున్న రోజుల్లో ఈ పాఠం ఎలా చెప్పారు, పట్టికా, వరసా?